ట్యాంకుకు ఎంత మందు పోయాలి? ఎకరా లెక్క నుంచి పంపు లెక్కకు

మందుల కొట్టులో సీసా చేతికిస్తూ "లీటరుకు 0.3 మి.లీ. పోయండి" అంటారు. పక్క చేను రైతు "పంపుకు అర మూత చాలు" అంటాడు. సీసా వెంట వచ్చే కాగితంలో "హెక్టారుకు 150 మి.లీ." అని ఉంటుంది. ఈ మూడూ ఒకే మందు గురించే. కానీ మూడింటినీ పాటించి చూస్తే మూడు వేర్వేరు మోతాదులు పొలంలో పడతాయి. వీటిలో నమ్మదగింది కాగితం మీది లెక్క. అది భూమి విస్తీర్ణానికి కట్టిన లెక్క. దాన్ని మీ పంపుకు, మీ నడకకు సరిపోయేలా ఎలా మార్చుకోవాలో ఇక్కడ చెబుతాను.

ఉదాహరణకు వరి తీసుకుందాం. మొగి పురుగుకు, ఆకుముడతకు మన దగ్గర ఎక్కువగా వాడే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. ద్రవాన్నే లెక్కకు పెట్టుకుందాం. మందు ఏదైనా పద్ధతి ఇదే, అంకెలే మారతాయి.

మొదటి పని: సీసా కాగితంలో సరైన గడి చదవడం

సీసాతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని కొట్టు దగ్గరే పారేస్తారు. పారేయకండి, మనకు కావలసిన పట్టిక అందులోనే ఉంది. పంట పేరు, పురుగు పేరు, మోతాదు, కలపాల్సిన నీరు, మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలి అన్నవన్నీ వరుసగా ఉంటాయి.

మోతాదు దగ్గర రెండు గడులు ఉంటాయి. ఒకటి అసలు రసాయనం ఎన్ని గ్రాములో చెబుతుంది, రెండోది సీసాలోని మందు ఎన్ని మిల్లీలీటర్లో చెబుతుంది. మన మందుకు వరిలో మొదటి గడిలో 30 గ్రాములు, రెండో గడిలో 150 మి.లీ. ఉంటాయి. మీరు కొలిచి పోసేది సీసాలోని మందు కాబట్టి మీకు కావలసింది రెండో గడి. మొదటి గడిలోని 30 చూసి 30 మి.లీ. అనుకుంటే మోతాదు అయిదో వంతుకు పడిపోతుంది.

ఇంకో తిరకాసు హెక్టారు. ఆ పట్టిక అంతా హెక్టారు లెక్కలోనే ఉంటుంది. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అందుకని అంకెను 2.5 తో భాగించాలి. 150 ని భాగిస్తే ఎకరాకు 60 మి.లీ. వస్తుంది. నీళ్లు హెక్టారుకు 500 లీటర్లు అని ఉంటే ఎకరాకు 200 లీటర్లు. 150 నే ఎకరా మోతాదు అనుకుని పోస్తే రెండున్నర రెట్లు ఎక్కువ మందు పడుతుంది.

ఇప్పుడు కొట్టులో చెప్పిన "లీటరుకు 0.3" ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. 60 మి.లీ. మందును 200 లీటర్ల నీటికి పంచితే లీటరుకు 0.3 వస్తుంది. అంటే ఆ మాట తప్పు కాదు. కాకపోతే మీరు ఎకరాకు కచ్చితంగా 200 లీటర్లు కొడితేనే అది నిజం. మీరు అన్ని నీళ్లు కొడుతున్నారా లేదా అన్నది కొట్టువాళ్లకు తెలియదు. కొలిచి చూసుకోకపోతే మీకూ తెలియదు.

రెండో పని: మీ పంపు ఎకరాకు ఎన్ని నీళ్లు కొడుతుందో కొలవడం

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. దీన్ని వదిలేసి మిగతా లెక్కలు ఎంత జాగ్రత్తగా చేసినా ఉపయోగం లేదు.

ముందుగా పంపు ట్యాంకు కొలుచుకోండి. 16 లీటర్ల ట్యాంకు అని కొన్నా, మెడ దాకా నింపితే అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. లీటరు సీసాతో పదహారుసార్లు పోసి, నీళ్లు నిలిచిన చోట బయట రంగుతో ఒక గీత గీయండి. ఎనిమిది లీటర్ల దగ్గర ఇంకో గీత ఉంటే సగం ట్యాంకుకు పనికొస్తుంది. నింపేటప్పుడు పంపు సమంగా ఉన్న చోట నిలబడాలి, గట్టు మీద ఒరిగి ఉంటే గీత అబద్ధం చెబుతుంది.

తర్వాత పొలంలో 66 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చోటు కొలిచి నాలుగు మూలలా పుల్లలు పాతండి. ఇది సరిగ్గా 5 సెంట్లు, తెలంగాణ లెక్కలో 2 గుంటలు. ఎకరాలో ఇలాంటివి 20 పడతాయి. టేపు లేకపోతే 33 అడుగుల తాడు ఒకటి కోసి పెట్టుకుంటే చాలు, పొడవుకు రెండుసార్లు వేస్తారు.

ట్యాంకులో మందు లేకుండా ఒట్టి నీళ్లు గీత దాకా నింపండి. పంపు తగిలించుకుని ఆ చోటంతా, రేపు మందు కొట్టబోయే తీరులోనే కొట్టండి. కొలుస్తున్నామని నెమ్మదిగా నడవకండి, తొందరపడకండి. గట్టు మీద కాదు, మడిలో దిగి బురదలోనే నడవాలి. బురదలో కాలు తీసి వేసే వేగం వేరు, గట్టి నేల మీద వేగం వేరు. కూలీతో కొట్టిస్తుంటే ఈ పరీక్ష కూడా ఆయనతోనే చేయించండి, మీ నడకతో వచ్చిన అంకె ఆయనకు పనికిరాదు.

చోటు పూర్తయ్యాక బయటికి వచ్చి, పంపును మళ్లీ ఇందాకటి సమతలం మీద పెట్టి, కొలత చెంబుతో నీళ్లు పోస్తూ గీత దాకా తిరిగి నింపండి. ఎన్ని లీటర్లు పట్టాయో అన్ని నీళ్లు 5 సెంట్లకు ఖర్చయ్యాయన్నమాట. దాన్ని 20 తో గుణిస్తే ఎకరా లెక్క.

మన ఉదాహరణలో 8 లీటర్లు పట్టాయనుకుందాం. 8 ని 20 తో గుణిస్తే ఎకరాకు 160 లీటర్లు. 16 లీటర్ల ట్యాంకులైతే 10. ఇదే మనకు కావలసిన అంకె: ఎకరాకు 10 ట్యాంకులు.

ఈ పరీక్ష ఒకసారితో ఆపకండి, పక్కనే ఇంకో 5 సెంట్లలో మళ్లీ చేయండి. మొదట 8, తర్వాత 8.5 వస్తే ఫర్వాలేదు. ఒకసారి 6, ఇంకోసారి 9 వస్తే నడక నిలకడగా లేదనో, బ్యాటరీ దిగిపోతోందనో అర్థం. బ్యాటరీ బలహీనపడితే ఒత్తిడి తగ్గి నాజిల్ నుంచి వచ్చే నీరు తగ్గుతుంది. నాజిల్ రంధ్రం అరిగితే నీరు ఎక్కువ పోతుంది, చుక్కలూ లావవుతాయి. నాజిల్‌ను కొలత చెంబులో పెట్టి ఒక నిమిషం కొట్టి చూస్తే ఈ రెండూ బయటపడతాయి. కొత్త నాజిల్ పెట్టిన రోజు నిమిషానికి ఎంత వచ్చిందో రాసిపెట్టుకుంటే పోల్చుకోవడం తేలిక.

వచ్చిన అంకె కాగితంలో చెప్పిన నీటికి మరీ దూరంగా ఉంటే, మందు లెక్క కట్టే ముందు నడక సరిచేసుకోండి. 5 సెంట్లకు 4 లీటర్లే పట్టాయంటే ఎకరాకు 80 లీటర్లు. దుబ్బులు కమ్ముకున్న వరిలో అంత తక్కువ నీటితో మందు మొదళ్ల దాకా చేరడం కష్టం. అలాంటప్పుడు వేగం తగ్గించి, లేదా నాజిల్ మార్చి మళ్లీ కొలవాలి.

మూడో పని: భాగహారం

ఇక మిగిలింది ఒక్క లెక్కే.

ట్యాంకుకు మందు = ఎకరా మోతాదు ÷ ఎకరాకు పట్టే ట్యాంకులు

60 ని 10 తో భాగిస్తే ట్యాంకుకు 6 మి.లీ.

"లీటరుకు 0.3" అన్న మాట పట్టుకుని ఉంటే 16 లీటర్లకు 4.8 మి.లీ. పోసేవారు. పది ట్యాంకులకు 48 మి.లీ. అవుతుంది. 60 పడాల్సిన ఎకరాలో 48 పడి, సీసాలో 12 మిగిలిపోయేది. మందు మిగిలిందని సంతోషించే చాలామంది విషయంలో నిజంగా జరిగేది ఇదే. పురుగు పూర్తిగా చావదు, పది రోజులకు మళ్లీ కొట్టాల్సి వస్తుంది. తక్కువ మోతాదు తట్టుకుని బతికిన పురుగుల సంతతే తర్వాత మిగులుతుంది, ఆ మందుకు లొంగని గుణం అలాగే పెరుగుతుంది.

పంపు మారితే ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. ఇంజను మీద నడిచే తైవాన్ పంపు సన్నని తుంపర కొడుతుంది, మనిషి వేగంగా నడుస్తాడు. 25 లీటర్ల ట్యాంకులు ఎకరాకు నాలుగే పట్టాయనుకోండి, అంటే 100 లీటర్లు. 60 ని 4 తో భాగిస్తే ట్యాంకుకు 15 మి.లీ. పోయాలి. లీటరు లెక్కన పోస్తే ట్యాంకుకు 7.5 మి.లీ.నే పడుతుంది, ఎకరాకు 30. సరిగ్గా సగం మోతాదు. "చేతి పంపుతో కొడితే పనిచేసింది, తైవాన్ పంపుతో కొడితే పనిచేయలేదు" అన్న ఫిర్యాదు వెనుక తరచుగా ఉండేది ఈ లెక్కే.

డ్రోను దగ్గర లీటరు లెక్క పూర్తిగా కుప్పకూలుతుంది. పది లీటర్ల ట్యాంకుతో ఎకరా కొట్టే డ్రోనులో లీటరుకు 0.3 చొప్పున పోస్తే ఎకరాకు పడేది 3 మి.లీ. ఎకరా మోతాదంతా ఆ పది లీటర్లలోకే వెళ్లాలి. అయితే అంత చిక్కగా కలపడానికి ప్రతి మందూ పనికిరాదు. డ్రోనుకు అనుమతి ఉన్న మందే వాడాలి, అది ముందే కనుక్కోండి.

200 లీటర్ల డ్రమ్ములో కలిపి పొడవాటి పైపుతో కొట్టేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. డ్రమ్ముకు 60 మి.లీ. అన్నది డ్రమ్ము ఎకరాకే అయిపోతేనే సరి. మీ డ్రమ్ము ఎకరంన్నర దాకా వస్తుంటే 90 మి.లీ. పోయాలి.

మీ పొలం ఎకరా కాకపోతే

ఎకరా 10 గుంటల పొలం అనుకుందాం. ఆంధ్ర లెక్కలో ఎకరా 25 సెంట్లు, అంటే ఎకరంబావు. ట్యాంకులు 10 ని 1.25 తో గుణిస్తే పన్నెండున్నర. మందు 60 ని 1.25 తో గుణిస్తే 75 మి.లీ. అంటే 60 మి.లీ. సీసా ఒక్కటి చాలదు, చిన్న సీసా ఇంకొకటి కొనాలి. ఉన్న సీసానే సాగదీద్దామని ట్యాంకుకు కాస్త కాస్త తగ్గించి పోయకండి.

చివరి సగం ట్యాంకు దగ్గర జాగ్రత్త. ఎనిమిది లీటర్ల గీత దాకా నీళ్లు, 3 మి.లీ. మందు. అక్కడ అలవాటుగా ట్యాంకు నిండా కలిపి, మిగిలింది ఏం చేయాలో తోచక కొట్టిన చోటే మళ్లీ కొట్టడం, లేదా కాలువ గట్టున పారబోయడం జరుగుతుంది. రెండూ చేయకూడనివే. పొలంలో ఇంకా ఎన్ని గుంటలు మిగిలాయో చూసుకుని దానికి సరిపడా మాత్రమే కలపండి.

నాలుగో పని: 6 మి.లీ. ని నిజంగా 6 మి.లీ. గా కొలవడం

సీసా మూతను నమ్మకండి. ఒక కంపెనీ మూతలో పట్టేంత ఇంకో కంపెనీ మూతలో పట్టదు, అర మూత అన్నది ఒక్కొక్కరి కంటికి ఒక్కోలా ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి, సూది తీసేసి వాడుకోవచ్చు. దాని మీద గీతలు స్పష్టంగా ఉంటాయి. ఆ సిరంజి మందుల పెట్టెలోనే ఉండాలి, ఇంట్లోకో పశువుల కొట్టంలోకో తిరిగి పోకూడదు.

ఎస్.సి. రకం మందు అడుగున చిక్కగా, పైన పలచగా పేరుకుంటుంది. అందుకే కొలిచే ముందు సీసా బాగా కుదపాలి. కుదపకుండా పోస్తే మొదటి ట్యాంకులకు ఒక బలం, చివరి ట్యాంకులకు ఇంకో బలం వస్తుంది.

ట్యాంకుట్యాంకుకూ ఇంత చిన్న కొలత కొలవడం విసుగే, పొరపాట్లూ జరుగుతాయి. నా మటుకు నేను చెప్పేది తల్లి ద్రావణం పద్ధతి. పది లీటర్ల దగ్గర గీత గీసిన ప్లాస్టిక్ బకెట్ ఒకటి దీనికే కేటాయించండి. అందులో సగం నీళ్లు పోసి, ఎకరా మందు 60 మి.లీ. మొత్తం వంచండి. ఖాళీ సీసాలో నీళ్లు పోసి, మూత బిగించి కుదిపి, ఆ నీళ్లూ బకెట్‌లోనే పోయండి. ఇలా మూడుసార్లు కడిగితే సీసా గోడలకు అంటుకున్న మందు కూడా లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత పది లీటర్ల గీత దాకా నీళ్లు నింపి కర్రతో కలియబెట్టండి. ఇప్పుడు ఇందులోంచి ఒక్కో లీటరు తీస్తే అందులో 6 మి.లీ. మందు ఉంటుంది. ట్యాంకుకు ఒక లీటరు ఇది, మిగతా పదిహేను లీటర్లు నీళ్లు.

ఇందులో రెండు చోట్ల తప్పులు జరుగుతాయి. లీటరు తీసే ప్రతిసారీ బకెట్ కలియబెట్టాలి, లేకపోతే మందు అడుగుకు చేరుతుంది. కలిపింది ఆ రోజే వాడేయాలి, రేపటికి దాచకూడదు.

పొడి మందులకు ఈ పద్ధతి ఇంకా నప్పుతుంది. కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 50 ఎస్.పి. ఎకరాకు 400 గ్రాములు. మన పంపుకైతే ట్యాంకుకు 40 గ్రాములు. పొలంలో గాలికి 40 గ్రాములు తూచడం ఎవరి తరం? 400 గ్రాములూ ఒకేసారి బకెట్‌లో కరిగించి పది లీటర్లు చేసుకుంటే, ట్యాంకుకు లీటరు చొప్పున సరిపోతుంది.

అయిదో పని: ట్యాంకులో కలపడం

ట్యాంకులో ముందు మందు పోసి ఆపైన నీళ్లు పోయకండి. సగం దాకా నీళ్లు, తర్వాత కొలిచిన మందు, ఒకసారి కలియబెట్టడం, ఆ తర్వాత గీత దాకా నీళ్లు. సిరంజితో పోస్తే అదే సిరంజిలోకి నీళ్లు రెండుమూడుసార్లు పీల్చి ట్యాంకులోకే వదలండి. నీళ్లు ట్యాంకు జల్లెడ గుండానే పోయాలి, జల్లెడ తీసేస్తే నలక వెళ్లి నాజిల్‌లో చిక్కుకుంటుంది. చిక్కుకున్న నాజిల్‌ను నోటితో ఊదకండి, నీళ్లలో ముంచి పాత పళ్లబ్రష్‌తో రుద్దితే పోతుంది.

కాలువ బురదనీళ్ల కన్నా బోరు నీళ్లు, లేదా తేర్చిన నీళ్లు మేలు. మట్టి రేణువులు కొన్ని మందులను పట్టేసుకుంటాయి. కలుపు మందుల్లో గ్లైఫోసేట్‌కు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

రెండు మందులు కలిపి కొట్టాలంటే రెండిటికీ విడివిడిగా ట్యాంకు లెక్క కట్టి, ముందుగా ఒక గాజు సీసాలో అదే నిష్పత్తిలో కలిపి అరగంట చూడండి. విరిగిపోయినా, గడ్డలు కట్టినా, అడుగున పేరుకున్నా, సీసా వేడెక్కినా ఆ రెండూ ఒకే ట్యాంకులో పోయకూడదు. అలాగే కలుపు మందు కొట్టిన పంపుతో పురుగు మందు కొట్టకండి, కలుపు మందుకు వేరే పంపే ఉండాలి. పత్తికి 2,4-డి వాసన తగిలినా ఆకులు వేళ్లలా సాగి ముడుచుకుపోతాయి, అది పంపులో ఎంత కడిగినా ఓ పట్టాన పోదు.

చిక్కటి మందు చేతిలో ఉండేది ఈ కలిపే వేళలోనే కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు ముందు ఇక్కడే కావాలి. గాలికి వీపు పెట్టి నిలబడి పోయండి. కొట్టేటప్పుడు ముక్కుకు, నోటికి అడ్డు కట్టుకోండి. 2017 లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ రైతులు, కూలీలు చనిపోయారు. మనిషి ఎత్తు పెరిగిన చేలో తుంపర ముఖం మీదికే వస్తుంది. తల తిరిగినా, వాంతి వచ్చినా, చూపు మసకబారినా కొట్టడం ఆపి, బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడుక్కుని, సీసానో కాగితమో వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు విరుగుడు నిర్ణయించగలరు.

ఆరో పని: ఎకరా పూర్తయ్యాక ట్యాంకులు లెక్కపెట్టడం

గట్టు మీద ట్యాంకుకో రాయి చొప్పున పెట్టుకుంటూ పోతే మరిచిపోరు. పది అనుకున్నది పదికే అయిపోతే, లేదా ఓ అర ట్యాంకు అటూ ఇటూ అయితే లెక్క కుదిరినట్టే. ఎనిమిదికే ఎకరా అయిపోయిందంటే పడిన మందు 48 మి.లీ., నడక వేగం పెరిగిందన్నమాట. పన్నెండు పట్టాయంటే 72 మి.లీ. పడింది. అలా తేడా వస్తే ఆ పూటకు అదనంగా కొట్టి సరిచేయాలని చూడకండి. తర్వాతి ఎకరాకు వెళ్లే ముందు 5 సెంట్ల పరీక్ష మళ్లీ చేసి కొత్త అంకె తీసుకోండి.

సగం పనిలోనే తేడా పట్టుకోవచ్చు. అయిదు ట్యాంకులు అయ్యేసరికి సగం ఎకరా దాటి ఎంతో ముందుకు వెళ్లిపోయారంటే నడక తగ్గించుకోవాలి. అందుకే కొట్టడం మొదలుపెట్టేటప్పుడే సగం ఎక్కడికి వస్తుందో గట్టు మీద గుర్తు పెట్టుకోండి.

పని అయ్యాక ట్యాంకులో కొద్దిగా నీళ్లు పోసి, గొట్టం, నాజిల్ గుండా ఆ నీళ్లు అదే పొలంలో కొట్టేయండి. ఇలా మూడుసార్లు చేయాలి. ఖాళీ సీసాకు చిల్లు పొడిచి, మళ్లీ ఎవరూ నీళ్లకో నూనెకో వాడకుండా చూడండి. పంపు వెనుక పెయింటుతో "ఎకరాకు 10 ట్యాంకులు, వరి" అని, ఏ నాజిల్‌తో కొలిచారో కూడా రాసుకోండి. నాజిల్ మార్చిన రోజు, మనిషి మారిన రోజు, పంట మారిన రోజు ఆ రాత చెరిపేసి మళ్లీ కొలవాలి.